తొమ్మిదో రోజు జ్వరం: కేసు ముందు స్క్రిప్టు ఎలా కట్టుకోవాలి

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ గురువుగారు జనరల్ మెడిసిన్ చెప్పేవారు. వార్డు రౌండ్లో జ్వరం కేసు ఎవరు చెప్పబోయినా, పేరూ ఊరూ అయ్యీ అవ్వకముందే "ఇవాళ ఎన్నో రోజు?" అని అడిగేవారు. చెప్పేవాడు తడబడితే రౌండు అక్కడే ఆగిపోయేది. అప్పట్లో అది పెద్దాయన పట్టింపు అనుకున్నాం. నేను పరీక్షలు పెట్టే వయసుకొచ్చాక ఆ ఒక్క ప్రశ్నలో ఎంత పని జరుగుతుందో అర్థమైంది. ఈ సాయంత్రం దాని గురించే మాట్లాడతాను.

లాంగ్ కేసు ముగించి "డిఫరెన్షియల్ చెప్పమ్మా" అని అడిగితే, చాలామంది విద్యార్థులు పాఠ్యపుస్తకంలోని విషయసూచికని మనసులో తెరుస్తారు. జ్వరానికి కారణాలు: బ్యాక్టీరియా, వైరస్, పరాన్నజీవులు, ఆటో ఇమ్యూన్, క్యాన్సర్. పదిహేను పేర్లు వస్తాయి. ఏ పేరూ తప్పు కాదు, కానీ వాటిలో ఒక్కటి కూడా ఎదుట మంచం మీద ఉన్న మనిషిని చూసి పుట్టింది కాదు. ఎగ్జామినర్ "ఇందులో మొదటిది ఏది, ఎందుకు?" అంటే మౌనం. ఆ విద్యార్థికి చదువు చాలలేదని నేననుకోను. అతని చదువు వ్యాధి పేరు దగ్గర మొదలై లక్షణాల దాకా వెళ్తుంది. పరీక్షా, రోగీ మాత్రం లక్షణాల దగ్గర మొదలవుతారు. చదివిన దిశ ఒకటి, నడవాల్సిన దిశ ఇంకొకటి.

1978లో ఎల్‌స్టైన్, షుల్మన్, స్ప్రాఫ్కా కలిసి వైద్యులు ఎలా ఆలోచిస్తారో పరిశీలించి ఒక పుస్తకం వేశారు. నిపుణులుగా పేరున్నవారికి ఏదో ప్రత్యేకమైన ఆలోచనా పద్ధతి ఉంటుందని అందరూ ఆశించారు. తేలింది వేరు. ఆ పేరు ఉన్నవారూ లేనివారూ కూడా రోగి మాట్లాడటం మొదలుపెట్టిన కాసేపటికే నాలుగైదు ఊహలు పెట్టుకుంటున్నారు. తేడా ఆ ఊహల నాణ్యతలో ఉంది, అంటే ఆ జబ్బు గురించి బుర్రలో ఉన్న సరుకు ఎలా అమరి ఉందన్న దాంట్లో. 1984లో ఫెల్టోవిచ్, బారోస్ ఆ అమరికకి 'ఇల్‌నెస్ స్క్రిప్ట్' అని పేరు పెట్టారు. ఆ మాట మనస్తత్వశాస్త్రం నుంచి తీసుకున్నది. హోటల్లోకి అడుగుపెడితే కూర్చోవడం, మెనూ, తినడం, బిల్లు అన్నవి ఏ వరసలో జరుగుతాయో మనకి ముందే తెలిసినట్టు, ఒక జబ్బు ఎవరిని పట్టుకుంటుందో, లోపల ఏం చెడుతుందో, బయటికి ఏది ముందు ఏది తర్వాత కనిపిస్తుందో తెలిసి ఉండటమే స్క్రిప్టు. ఫెల్టోవిచ్, బారోస్ చెప్పిన మూడు భాగాలూ ఇవే: పరిస్థితులు, లోపం, పర్యవసానాలు.

ఇది విని విద్యార్థులు ఒక్కో జబ్బుకీ మూడు గడుల పట్టిక రాసుకుంటారు. అక్కడే పొరపాటు. ఒంటరిగా రాసుకున్న స్క్రిప్టు పరీక్షలో పనికిరాదు. డెంగీ మీద ఒక పేజీ, లెప్టోస్పైరోసిస్ మీద ఒక పేజీ, స్క్రబ్ టైఫస్ మీద ఒక పేజీ విడివిడిగా చదివినవాడికి మూడింటిలోనూ జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, తగ్గిన ప్లేట్‌లెట్లు, పెరిగిన ఎంజైములే కనిపిస్తాయి. స్క్రిప్టులు ఎప్పుడూ గుంపుగా పుట్టాలి. ఒకే ఫిర్యాదుతో వచ్చే మూడు నాలుగు జబ్బులను పక్కపక్కన పెట్టి, ఒకే ప్రశ్నలు అన్నిటినీ అడిగి, జవాబులు ఎక్కడ వేరవుతాయో అక్కడే గీత గీయాలి. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. పరీక్ష కోసం నేను కూర్చిన ఒక కేసు మీద ఇది చేసి చూపిస్తాను.

అక్టోబరు నెల. 42 ఏళ్ళ మహిళ, వ్యవసాయ కూలీ. పశువులకి గడ్డి కోసుకొస్తుంది. తొమ్మిది రోజులుగా జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒళ్ళునొప్పులు. రెండు రోజులుగా పొడి దగ్గు, ఆయాసం. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు చేయించుకుంది, జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. ఏడో రోజున బయట చేయించిన పరీక్షల్లో ఎన్‌ఎస్‌1 నెగెటివ్, విడాల్ 1:80. ఇప్పుడు ఉష్ణోగ్రత 102.6, నాడి 118, బీపీ 100/60, శ్వాస నిమిషానికి 30, ఆక్సిజన్ 91 శాతం. కళ్ళు కొంచెం పచ్చబడ్డాయి. కుడి చంకలో నొప్పిగా తగిలే గడ్డ. రెండు ఊపిరితిత్తుల అడుగునా క్రెపిటేషన్స్. ప్లేట్‌లెట్లు 62 వేలు, తెల్లకణాలు 12,800, బిలిరుబిన్ 2.1, ఏఎస్‌టీ 160, ఏఎల్‌టీ 130, క్రియాటినిన్ 1.3.

ఇంత సమాచారం చేతికొచ్చాక మొదట చేయాల్సింది డిఫరెన్షియల్ చెప్పడం కాదు, కేసుని ఒక్క వాక్యంలోకి కుదించడం. ఆ వాక్యం రోగి మాటల్లో ఉండకూడదు, వైద్యం వెతుక్కునే మాటల్లో ఉండాలి. 'తొమ్మిది రోజులుగా' అన్నది 'రెండో వారంలోకి వచ్చిన అక్యూట్ జ్వరం' అవుతుంది. 'ఆయాసం, పచ్చకళ్ళు, ప్లేట్‌లెట్లు' అన్న మూడు ముక్కలు 'ఒకేసారి పలు అవయవాలు దెబ్బతినడం' అవుతాయి. నేనైతే ఇలా చెబుతాను: వానలు పడ్డాక గడ్డిలో పనిచేసే నడివయసు మహిళకి రెండో వారంలోనూ తగ్గని అక్యూట్ జ్వరం, ఫోకస్ స్పష్టంగా లేదు, ఊపిరితిత్తులు, కాలేయం, ప్లేట్‌లెట్లు కలిసి దెబ్బతిన్నాయి, ఒకవైపు లింఫ్ గ్రంథి వాచింది. ఈ వాక్యం కుదిరితే స్క్రిప్టులు వాటంతటవే లేస్తాయి. ఇది కుదరకపోతే, 'తొమ్మిది రోజుల జ్వరం, దగ్గు' అని మాత్రమే పట్టుకుంటే, న్యుమోనియా ఒక్కటే లేస్తుంది. విద్యార్థి డిఫరెన్షియల్ తప్పిందంటే, నేను చూసినంతలో ఎక్కువసార్లు ఈ వాక్యంలోనే తప్పి ఉంటుంది.

ఇప్పుడు నాలుగు జబ్బులను ఒకే వరుసలో నిలబెట్టి ప్రశ్నలు వేద్దాం: డెంగీ, స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరోసిస్, మలేరియా.

మొదటి ప్రశ్న పరిస్థితులది. డెంగీకి ఏడిస్ దోమ కావాలి. అది ఇంటి చుట్టూ నిలవ నీళ్ళలో పెరుగుతుంది, పగలు కుడుతుంది. స్క్రబ్ టైఫస్‌కి ట్రాంబిక్యులిడ్ మైట్ లార్వా కావాలి. అది గడ్డిలో, పొదల్లో, పొలం గట్ల మీద ఉంటుంది. లెప్టోస్పైరోసిస్‌కి ఎలుకలో, పశువులో మూత్రం వదిలిన నీళ్ళూ బురదా, కాలి మీద పుండో గీతో కావాలి. మలేరియాకి అనాఫిలిస్ దోమ. మన రాష్ట్రాల్లో దానికి మన్యం వైపు ప్రయాణం ఉందా అని అడగడం అలవాటుగా ఉండాలి. ఈ ప్రశ్న ఒక్కదానితో తేలదని ఒప్పుకోవాలి. ఆ అక్టోబరులో ఈ నాలుగూ ఒకే ఊళ్ళో ఉండొచ్చు. గడ్డికోత స్క్రబ్ టైఫస్‌ని కొంచెం ముందుకు తోస్తుంది, అంతే. కాబట్టి అడిగేటప్పుడు "పొలం పని చేస్తావా అమ్మా?" అని ఆపకుండా, నీళ్ళలో నిలబడ్డావా, గడ్డిలో కూర్చున్నావా అని విడదీసి అడగాలి.

రెండో ప్రశ్న కాలానిది. మా గురువుగారి ప్రశ్న ఇదే, నేను ఎక్కువసేపు ఆగేది కూడా ఇక్కడే. డెంగీలో జ్వరం సాధారణంగా రెండు నుంచి ఏడు రోజులు. జ్వరం దిగే సమయంలో, అంటే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో, ప్లాస్మా రక్తనాళాల్లోంచి కారడం మొదలై 24 నుంచి 48 గంటలు సాగుతుంది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయేదీ, హెమటోక్రిట్ పెరిగేదీ, ఛాతీలో పొట్టలో నీరు చేరేదీ అప్పుడే. అది దాటితే మనిషి కోలుకుంటాడు. కాబట్టి డెంగీలో జ్వరం తగ్గాక ప్రమాదం వస్తుంది. స్క్రబ్ టైఫస్‌లో మైట్ కుట్టాక ఆరు నుంచి ఇరవయ్యొక్క రోజులకి జ్వరం మొదలవుతుంది. సరైన మందు పడకపోతే అది తొందరగా దిగదు. రెండో వారంలో జ్వరం ఉండగానే ఊపిరితిత్తులు, మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మన రోగి తొమ్మిదో రోజున 102.6 జ్వరంతో ఉంది, ప్లేట్‌లెట్లు తక్కువ, అవయవాలు ఇంకా దిగజారుతున్నాయి. ప్లేట్‌లెట్లు చూసి డెంగీ అన్న విద్యార్థిని నేను అడిగేది ఒక్కటే: డెంగీ అయితే ఈపాటికి జ్వరం ఏమై ఉండాలి? అందుకని డెంగీ లేదని కొట్టెయ్యమని కాదు. ఎన్‌ఎస్‌1 సాధారణంగా మొదటి ఐదు రోజుల్లో బాగా దొరుకుతుంది, ఏడో రోజున నెగెటివ్ రావడం పెద్ద సాక్ష్యం కాదు. ఐజీఎం చేయించాలి. కానీ వరసలో డెంగీ కిందికి దిగుతుంది. డెంగీలో తెల్లకణాలు తగ్గడం మామూలు. ఇక్కడ 12,800 ఉండటం కూడా అదే దిశలో లాగుతుంది.

ఇక్కడ లోపలి లోపం గురించి ఒక్క మాట చెప్పాలి. స్క్రిప్టులో మధ్య గడిని విద్యార్థులు ఖాళీగా వదిలేస్తారు, పాథాలజీ ఎగ్జామ్ అయిపోయింది కదా అని. ఓరియెన్షియా సుట్సుగముషి సన్నని రక్తనాళాల లోపలి పొర కణాల్లో చేరి పెరుగుతుంది. ఆ ఒక్క వాక్యం తెలిస్తే తలనొప్పి, ఆయాసం, పచ్చకామెర్లు, క్రియాటినిన్, మత్తు అన్నీ విడివిడి వాస్తవాలుగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నాళాలు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడల్లా జబ్బు ఉంటుంది, ఎక్కువ రోజులైనకొద్దీ ఎక్కువ చోట్ల. డెంగీలో కూడా నాళాలు కారతాయి, కానీ అది ఒకటి రెండు రోజుల పాటు తెరిచి మూసుకునే ద్వారం. ఈ తేడాని మనసులో పెట్టుకుంటే కాలం గడి దానంతటదే నిండుతుంది.

మూడో ప్రశ్న విడదీసే చిహ్నాలది. లెప్టోస్పైరోసిస్ ఈ కేసులో గట్టి పోటీదారు. అదే కాలం, అదే పొలం, అవే అవయవాలు. కానీ లెప్టోలో కళ్ళు చీము లేకుండా ఎర్రబడతాయి, పిక్కలు పట్టుకుంటే రోగి కాలు లాక్కుంటుంది. కామెర్లు ముదిరినవాళ్ళలో బిలిరుబిన్ చాలా పెరిగి, ఏఎస్‌టీ ఏఎల్‌టీలు మాత్రం కొద్దిగానే పెరుగుతాయి. మూత్రపిండం దెబ్బతిన్నా మూత్రం ఆగకపోవచ్చు, పొటాషియం తగ్గి ఉండొచ్చు. మన రోగి కళ్ళు పచ్చగా ఉన్నాయి, ఎర్రగా లేవు. బిలిరుబిన్ 2.1 మాత్రమే, క్రియాటినిన్ దాదాపు మామూలు. పిక్కలు నొక్కి చూసి, లేకపోతే 'లేదు' అని చెప్పాలి. చెప్పకపోతే 'చూడలేదు' అన్నట్టే, ఎగ్జామినర్ అది గమనిస్తాడు. మలేరియా గురించి ఎక్కువ ఆగను. ఫాల్సిపారం రెండో వారంలో ఇలాగే కామెర్లు, ఆయాసం తేగలదు. స్మియర్ చూడకుండా కొట్టెయ్యకూడదు, చూస్తే చాలావరకు తేలిపోతుంది. విడాల్ 1:80 ఒక్కసారి వచ్చిందని టైఫాయిడ్ అనకండి. మన దగ్గర ఆ స్థాయి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ కనిపిస్తుంది. కల్చర్ పంపండి.

ఇప్పుడు చంకలో గడ్డ. ఒకవైపు మాత్రమే వాచిన గ్రంథి, దాని పరిధిలో చర్మం మీద ఎక్కడో ఒక ద్వారం ఉందని చెబుతుంది. స్క్రిప్టు తెలిసినవాడి కన్ను వెంటనే ఆ ప్రాంతానికి వెళ్తుంది: చంక, రొమ్ము కింద మడత, భుజం, వీపు. మహిళా నర్సుని పక్కన ఉంచుకుని, అనుమతి అడిగి, రవిక తీయించి చూస్తే, కుడి రొమ్ము కింద మడతలో నొప్పి లేని, సెంటీమీటరు కంటే చిన్న మచ్చ, మధ్యలో నల్లటి చెక్కు, చుట్టూ ఎర్రని వలయం. ఎస్కార్. నొప్పీ దురదా ఉండదు కాబట్టి రోగి తానుగా చెప్పదు, అడిగినా 'లేదు' అనే అంటుంది. చెమట పట్టే మడతల్లో చెక్కు ఊడిపోయి లోతులేని పుండులా మాత్రమే మిగలొచ్చు. చామనఛాయ చర్మం మీద ఎరుపు తేలిగ్గా కనబడదు. దాన్ని కనుక్కున్న విద్యార్థికి అదృష్టం కలిసొచ్చిందని పక్కవాళ్ళు అంటారు. అదృష్టం కాదు. తల నుంచి కాలి దాకా వెతకాలన్న నియమం వాళ్ళందరికీ తెలుసు. ఎక్కడ ఆగి చూడాలో చెప్పే ఊహ మాత్రం ఒకరి దగ్గరే ఉంది. ఊహ పరీక్షని నడుపుతుంది, ఊహ లేకుండా చేసిన పరీక్ష పై పైనే తిరుగుతుంది.

ఎస్కార్ లేకపోతే స్క్రబ్ టైఫస్ కాదా? అవుతుంది. అది కనిపించే శాతం ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉంది, చాలామందిలో అసలు దొరకదు. ఉంటే దాదాపు తేల్చేస్తుంది, లేకపోతే పెద్దగా ఏమీ చెప్పదు. ప్రతి చిహ్నం గురించి ఈ రెండు సంగతులూ విడిగా రాసుకోవాలి. పిక్కల నొప్పి, ఎర్రకళ్ళు కూడా అంతే. స్క్రిప్టుల్లో నాకు ఎక్కువగా కనబడే లోటు ఇదే: ఉంటే ఎంత నమ్మాలో రాస్తారు, లేకపోతే ఎంత నమ్మాలో రాయరు.

ఇక జవాబు చెప్పే వరస. "మొదటిది స్క్రబ్ టైఫస్, దానికి అనుకూలం గడ్డికోత, తొమ్మిదో రోజుకీ జ్వరం, ఎస్కార్, ఆ పక్కనే గ్రంథి. దగ్గరి పోటీదారు లెప్టో. దానికి అనుకూలం కాలం, పని, కామెర్లు. ప్రతికూలం కళ్ళు ఎర్రబడకపోవడం, పిక్కలు నొప్పి లేకపోవడం, క్రియాటినిన్ పెద్దగా పెరగకపోవడం. కొట్టెయ్యకూడనివి ఫాల్సిపారం మలేరియా, డెంగీ, బ్యాక్టీరియా న్యుమోనియాతో వచ్చిన సెప్సిస్. స్మియర్, డెంగీ ఐజీఎం, బ్లడ్ కల్చర్, ఛాతీ ఎక్స్‌రే పంపుతాను." ఐదు పేర్లు, మొదటి రెంటికీ కారణాలు, మిగతావాటికి తేల్చే పరీక్షలు. ఒక నిమిషంలో అయిపోతుంది. స్క్రబ్ టైఫస్‌కి ఐజీఎం ఎలైజా అడగాలి. అది మొదటి వారంలో నెగెటివ్ రావచ్చు, తొమ్మిదో రోజున ఎక్కువ నమ్మొచ్చు. వెయిల్ ఫెలిక్స్ ఇప్పటికీ చాలాచోట్ల చేస్తారు, కానీ అది చాలా కేసుల్ని వదిలేస్తుంది. ఏదేమైనా రిపోర్టు కోసం మందు ఆపకూడదు. ఈమెకి ఆక్సిజన్ 91 కాబట్టి జబ్బు తీవ్రమైనదే. 2023లో ప్రచురితమైన భారతీయ ట్రయల్లో, ఇలాంటి తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌కి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరం ద్వారా ఇస్తే, విడిగా ఇచ్చినదానికంటే మేలు కనిపించింది. మరణాలూ, ఏడో రోజుకీ మిగిలిన సమస్యలూ, ఐదో రోజుకీ ఉన్న జ్వరమూ కలిపి చూస్తే ఆ మేలు. మరణాల సంఖ్య ఒక్కదాన్నే చూస్తే స్పష్టమైన తేడా రాలేదు, ఆ మాట కూడా ఎగ్జామినర్‌కి చెప్పాలి. డాక్సీసైక్లిన్ లెప్టోకి కూడా పనిచేస్తుంది, కాబట్టి ఆ రెంటి మధ్య సందేహం మందుని ఆలస్యం చేయదు.

స్క్రిప్టు గట్టిదో కాదో పరీక్షించుకునే మార్గం ఒకటుంది. కేసులో ఒక్క వివరం మార్చి, వరస మారుతుందా అని చూడాలి. అదే రోగి, అదే అక్టోబరు, కానీ ఐదో రోజు, జ్వరం ఇవాళే తగ్గింది, పొట్టనొప్పి, వాంతులు, హెమటోక్రిట్ పెరిగింది: డెంగీ పైకి వస్తుంది, యాంటీబయోటిక్ కంటే ద్రవాలను జాగ్రత్తగా లెక్కపెట్టడం ముఖ్యమవుతుంది. అదే తొమ్మిదో రోజు, ఎస్కార్ లేదు, క్రియాటినిన్ 4, బిలిరుబిన్ 12, ఏఎస్‌టీ 90: లెప్టో పైకి వస్తుంది. పరీక్ష ముందు రాత్రి కొత్త జబ్బు చదివే బదులు, ఉన్న కేసులో ఇలా ఒక్కో వివరం తిప్పి చూసుకోండి. వివరం మార్చినా మీ వరస కదలకపోతే, మీ దగ్గర ఉన్నది జాబితానే. వార్డులో చూసిన ప్రతి జ్వరం కేసుకీ, డిశ్చార్జి రోజున రోగనిర్ధారణ తేలాక, ఒక అర పేజీ రాసుకోండి: పుస్తకంతో ఎక్కడ కలిసింది, ఎక్కడ కలవలేదు. మొదటి కేసుకి పుస్తకం రూపమే వస్తుంది. నాలుగో ఐదో కేసుకి, ఎస్కార్ లేనిదీ, ముందు మత్తుతో వచ్చినదీ చేరి, స్క్రిప్టుకి హద్దులు ఏర్పడతాయి.

వైవాలో చివరి మలుపు సాధారణంగా ఇలా ఉంటుంది: "మందు మొదలుపెట్టి 48 గంటలైంది, జ్వరం దిగలేదు. ఇప్పుడు?" డాక్సీసైక్లిన్ పడ్డాక స్క్రబ్ టైఫస్ జ్వరం చాలావరకు రెండు రోజుల్లో దిగుతుంది. ఆ మాట కూడా స్క్రిప్టులో భాగమే, దాన్ని పర్యవసానాల గడిలోనే రాసుకోవాలి. దిగకపోతే మొదట మందు సరిగ్గా వెళ్తోందా అని చూడాలి. తర్వాత ఇంత తీవ్రమైన జబ్బులో ఇంకొంచెం వ్యవధి పట్టొచ్చని గుర్తుచేసుకుంటూనే, రోగి మెరుగవుతోందా దిగజారుతోందా అని శ్వాస, ఆక్సిజన్, బీపీ చూడాలి. దిగజారుతుంటే రెండో ఇన్ఫెక్షన్ కలిసిందేమో, క్యానులా పెట్టిన చోట చీము ఉందేమో, కల్చర్ ఏం చెబుతోందో చూడాలి. స్మియర్ మళ్ళీ పంపాలి, మొదటి స్మియర్‌లో పరాన్నజీవి దొరక్కపోవచ్చు. అవేవీ కాకపోతే, అప్పుడు తొలి వాక్యానికి వెళ్ళి దాన్ని మళ్ళీ రాయాలి: రెండో వారం నడుస్తూ మూడో వారం వైపు వెళ్తున్న జ్వరం, డాక్సీసైక్లిన్‌కి లొంగలేదు. ఆ వాక్యానికి మిలియరీ టీబీ, హెచ్‌ఎల్‌హెచ్ లాంటి వేరే స్క్రిప్టులు లేస్తాయి, ఫెరిటిన్ అడగాలనీ, ఛాతీ ఎక్స్‌రే మళ్ళీ చూడాలనీ అవే చెబుతాయి.